తాతగారి తలకొలతల కార్డు

ఆ వీధిలో జిగురమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. యాభై ఆరేళ్ళ మనిషి. వేళ్ళ కొసలకు ఎండిన జిగురు ఎప్పుడూ పొరలుగా అంటుకుని ఉంటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వింటూ దాన్ని గోటితో ఒలుచుకుంటూ కూర్చుంటుంది. చిరిగిన పుస్తకాలు విప్పడం, మళ్ళీ కుట్టడం, కొత్త అట్ట వేయడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళుగా అదే పని, అదే బల్ల.

"నేను చదివింది పుస్తకాల పొట్ట కాదు, వీపు" అని నవ్వుతుంది గానీ, అది శుద్ధ అబద్ధం. కుట్టేముందు పేజీల వరుస సరిచూడాలి గదా. ఆ వంక పెట్టుకుని ముప్పై ఏళ్ళలో ఆవిడ చదవని విషయం లేదు. కాకపోతే అన్నీ సగం సగమే. ఏ పుస్తకమూ ఆమె దగ్గర రెండు వారాలకు మించి ఉండదు.

ఆ నెలలో బల్ల మీద రెండు పనులున్నాయి. ఒకటి ఇంటి పని, ఒకటి గ్రంథాలయం పని.

ఇంటి పని వాళ్ళ నాన్నది. ఆయనకు ఎనభై నిండబోతున్నాయి. జనన మరణాల రిజిస్టర్లు రాసే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. పుట్టినరోజుకు బంధువులందరికీ పంచాలని తమ వంశ చరిత్ర రాశాడు. పక్క వీధి ప్రెస్సులో అచ్చయింది. నలభై ప్రతులు. కుట్టి అట్ట వేసే బాధ్యత కూతురిది.

ఆ పుస్తకం మొదటి పేజీలో ఒక కార్డు బొమ్మ ఉంది. అసలు కార్డు నాన్న ఇంట్లో ముందు గదిలో అద్దం కట్టి వేలాడుతుంటుంది. జిగురమ్మ తాత యువకుడిగా ఉన్న రోజుల్లో ఎక్కడినుంచో తలలు కొలిచే మనుషులు వచ్చారట. ఆయన్ని నిలబెట్టి కొలిచి రాసిన కార్డు అది. తల పొడవు నూట తొంభై రెండు మిల్లీమీటర్లు, వెడల్పు నూట నలభై రెండు, నిష్పత్తి డెబ్భై నాలుగు. ముక్కు పొడవు, ముక్కు వెడల్పు, కంటి రంగు, ఒంటి రంగు. అన్నిటికిందా వంకర అక్షరాలతో ఒక మాట: "ఆర్య రకం."

ఆ మాట మీదే ఇల్లంతా నిలబడింది. పిల్లలు పరీక్ష తప్పితే "ఆ తల వంశాన పుట్టి ఇదేం మార్కులు" అనేవారు. ఎవరికైనా ముక్కు కాస్త నిటారుగా వస్తే "తాతగారి కార్డు" అని మురిసిపోయేవారు. జిగురమ్మ కూడా అలా మురిసినదే. కాదనడానికి లేదు.

పుస్తకం ఆఖరి పేజీలో వంశవృక్షం. అందులో చిట్టచివరి కొమ్మకు జిగురమ్మ మనవరాలి పేరు ఉంది. ఏడేళ్ళది. కూతురూ అల్లుడూ పెంచుకోవడానికి తెచ్చుకున్న బిడ్డ. ఆ పేరు పక్కన ఒక చిన్న చుక్క. పేజీ అడుగున చుక్కకు వివరణ: "దత్తత. వంశ రక్తం కాదు."

అచ్చుకు వెళ్ళేముందు తండ్రి ఆమెకు ఆ పేజీ చూపించాడు.

"పేరు తీసెయ్యలేదు చూడు. ఒక్క చుక్క పెట్టానంతే. రికార్డు రికార్డులా ఉండాలి గదా తల్లీ."

"దాని తల్లి చూస్తే ఊరుకుంటుందా నాన్నా?"

"ఎందుకూరుకోదు? అబద్ధం రాశానా? పిల్ల బంగారమే. రక్తం మాట వేరు."

జిగురమ్మ వేలి మీది జిగురు ఒలుచుకుంది. "సరే నాన్నా" అంది. ఎనభై ఏళ్ళాయన ముచ్చట, ఒక చుక్క కోసం గొడవెందుకు అనుకుంది.

రెండో పని గ్రంథాలయానిది. ఒకే ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వానికి మూడు ముద్రణలు, మూడింట్లోనూ మొదటి సంపుటమే. ఏ విజ్ఞాన సర్వస్వమైనా ముందు చిరిగేది మొదటి సంపుటమే. అందరూ అక్కడినుంచే మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తారు. మొదటి ముద్రణ నూట అరవై ఏళ్ళనాటిది. రెండోది దానికి యాభై ఏళ్ళ తర్వాతది. మూడోది రెండో ప్రపంచయుద్ధం అయిపోయి చాలాకాలానికి వచ్చింది. మూతబడ్డ ఒక విదేశీ పాఠశాలనుంచి గ్రంథాలయానికి చేరాయట.

మూడూ పక్కపక్కన పెట్టి వరుస చూస్తుంటే మొదటిదాంట్లో "ఆర్య" అనే మాట కంటబడింది. మన కార్డు మాటే గదా అని ముచ్చటపడి ఆగింది.

అరకాలమ్ ఉంది, అంతే. సంస్కృతం, పారశీకం, గ్రీకు, లాటిన్, జర్మన్ లాంటి భాషల్లో తల్లి, తండ్రి, అన్న, పది, వంద అనే మాటలు, క్రియల వరుసలు ఒకదానికొకటి తోబుట్టువుల్లా ఉన్నాయని రాశారు. అంతకు ముందు శతాబ్దం చివర్లో కలకత్తాలో ఒక న్యాయమూర్తి ఆ పోలిక ఎత్తి చూపించాడట. వీటన్నిటికీ ఇప్పుడు కనబడని ఒక తల్లి భాష ఉండి ఉంటుందని అన్నాడట. దాని పుట్టిల్లు ఆసియాలో ఎక్కడో ఉండవచ్చని ఒక వాక్యం. ఆ తర్వాతి పండితులు ఆ భాషల కుటుంబానికి పేరు వెతుకుతూ, పాత సంస్కృతంలోనూ పాత పారశీకంలోనూ తమను తాము పిలుచుకోవడానికి వాడుకున్న "ఆర్య" అనే మాట తీసుకున్నారు. పెద్దమనిషి, మాన్యుడు, మనవాడు అనే అర్థాలున్న మాట. అంతే. అరకాలమ్‌లో తల లేదు, ముక్కు లేదు, రంగు లేదు.

"భాషల పేరా ఇది?" అనుకుంది జిగురమ్మ. కాస్త నిరుత్సాహపడింది కూడా.

రెండో ముద్రణ తీసింది. అదే మాట. ఈసారి నాలుగు పేజీలు, ఒక బొమ్మల పలక. పలక నిండా పుర్రెలు. పైనుంచి చూసినవి, పక్కనుంచి చూసినవి. పుర్రె మీద క్యాలిపర్ అనే వంపు కాళ్ళ కొలత పనిముట్టు పట్టుకున్న రెండు చేతులు. కింద పట్టిక: తల పొడవు, వెడల్పు, వెడల్పును పొడవుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే నిష్పత్తి. డెబ్భై ఐదుకు లోపైతే పొడుగు తల, ఎనభై దాటితే గుండ్రటి తల.

నాన్న ఇంట్లో అద్దంలో ఉన్న కార్డూ ఇదే పట్టిక. గీత కూడా తేడా లేదు.

నిలబడి చదువుతున్న మనిషి స్టూలు లాక్కుని కూర్చుంది. భాషలు ఎటు పోయాయి? వెతికితే మొదటి పేరాలో రెండు వాక్యాలున్నాయి. ఆ తర్వాత అంతా జాతి. ఆ భాషలు మాట్లాడినవాళ్ళంతా ఒకే రక్తమట. ఆ రక్తం పొడుగు తలలదట, తెల్ల చర్మానిదట, బంగారు జుట్టుదట. లోకంలో ఎక్కడ గొప్ప పని జరిగినా ఆ రక్తమే చేసిందట, కలిసిపోయిన చోటల్లా క్షీణించిందట. ఆ మాట నాలుగు సంపుటాల్లో ప్రచారం చేసింది ఒక ఫ్రెంచి దొరగారని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి ముద్రణలో ఆసియాలో ఎక్కడో ఉందన్న పుట్టిల్లు, ఈ ముద్రణకల్లా ఉత్తర ఐరోపాకు నడిచిపోయింది.

ఇక మూడో ముద్రణ. మళ్ళీ అరకాలమ్. పుర్రెలు మాయం. భాషల కుటుంబానికి ఇప్పుడు ఇండో-యూరోపియన్ అనే పేరు వాడతారనీ, ఆర్య అనే మాట భాషల్లో ఒక కొమ్మకే మిగిలిందనీ, ఆ పేరుతో జాతి ఏదీ లేదనీ ఉంది. ముందు ముద్రణలో నాలుగు పేజీలు ఎందుకు వేశారో ఒక్క ముక్క లేదు. తప్పయిందన్న మాట కూడా లేదు.

"చెప్పకుండా ఊడబీకేశారు" అంది జిగురమ్మ పైకే.

సరిగ్గా అప్పుడే వాళ్ళన్నయ్య వచ్చాడు, పుట్టినరోజు ఏర్పాట్లు మాట్లాడదామని. బట్టతల, భారీ మనిషి.

"అన్నయ్యా, ఇలా కూర్చో. కదలకు."

"ఎందుకే? అదేంటి చేతిలో?"

"పుస్తకాల మందం కొలిచే క్యాలిపర్. తల కొలుస్తా."

"నా తలకు అట్ట వేస్తావా ఏంటి?"

"వేస్తే బాగుపడతావు. కదలకన్నానా?"

అన్నగారి తల పొడవు నూట ఎనభై, వెడల్పు నూట నలభై తొమ్మిది. కాగితం మీద భాగించింది. దాదాపు ఎనభై మూడు. తర్వాత అన్నచేత తన తల కొలిపించుకుంది. నూట ఎనభై నాలుగు, నూట నలభై. డెబ్భై ఆరు.

"అయితే ఏంటి?" అన్నాడు అన్న.

"అయితే నువ్వు ఒక జాతి, నేను ఒక జాతి. తాత ఇంకో జాతి."

"ఒక్క అమ్మ కడుపున పుట్టి?"

"పుస్తకం లెక్క అదే."

అన్నయ్య కడుపుబ్బ నవ్వాడు. "చిన్నప్పుడు నువ్వు అనేదానివిగా, నేను చెత్తకుండీ దగ్గర దొరికానని. రుజువైంది పో!" ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. చెత్తకుండీ దగ్గర దొరికావన్న మాట, అన్నాచెల్లెళ్ళ మధ్య అయితే వేళాకోళం. ఆఖరి పేజీలో అది అచ్చులో ఉంది.

ఆ సాయంత్రం బడినుంచి మనవరాలు వచ్చింది. వాళ్ళమ్మ ఉద్యోగంనుంచి వచ్చేవరకూ దానికి అమ్మమ్మ బల్ల కిందే ఇల్లు. బల్ల మీద క్యాలిపర్ చూసి, "అమ్మ వాళ్ళ మామయ్య దారిలో చెప్పాడు, ఆయన తల కొలిచావంటగా! నాది కూడా కొలవవా" అంది.

జిగురమ్మ అనాలోచితంగా క్యాలిపర్ తీసుకుంది. కాళ్ళు విప్పింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, జడ పక్కకు లాక్కుని, తల ముందుకు వంచి ఇచ్చింది. జుట్టు పాయ మధ్య ఆ చిన్న నెత్తి, పుస్తకంలో బొమ్మల పలక మీది పుర్రెలా ఆమె చేతుల మధ్యకు వచ్చింది.

ఎంత వస్తుందో చూడాలని ఆమె మనసులో ఒక మూల నిజంగానే ఉంది. డెబ్భై నాలుగు వస్తే బాగుండునన్న ఆశ ఉంది. ఆ ఆశ కనబడేసరికి క్యాలిపర్ చేతిలోంచి జారి బల్ల మీద పడి కిందకు దొర్లింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏం లేదు. చెయ్యి జారింది. తల లేపు."

"ఎంత వచ్చింది?"

"నీ తల కొలవడానికి లేదు. పో, పాలు తాగు."

మర్నాడు పొద్దున రెండో ముద్రణ సంపుటం వీపు విప్పింది. పాత జిగురు నానబెట్టి అట్ట ఒలిస్తే, వీపుకు బలంగా లోపల అంటించిన కాగితం పట్టీలు బయటపడ్డాయి. అదేం కొత్త కాదు. కాగితం పారెయ్యడం బైండరుకు చేతకాదు. పనికిరాని అచ్చు కాగితాలు ఏవుంటే అవే పట్టీలుగా కోసి లోపల అంటిస్తారు. వీటి మీద అచ్చు గళ్ళు కనబడ్డాయి. నెమ్మదిగా ఊడదీసి, చెక్క మీద పరిచి, అంచుకు అంచు కలిపింది. ఖాళీ ఫారం ఒకటి దాదాపు పూర్తిగా వచ్చింది. అర్థం కాని భాష. కానీ ఒక మాట మాత్రం మూడుసార్లు ఉంది. ఆ రెండు రోజులుగా అన్ని ముద్రణల్లో చూసిచూసి, ఆ లిపిలో ఆర్య అనే మాటను ఆమె పోల్చుకోగలిగింది.

గ్రంథాలయంలో పుస్తకాల బాధ్యత చూసే కళ్ళజోడు సారును పిలిపించింది. ఆయన ఆ భాష చదువుకున్నవాడు. వస్తూనే హాస్యంగా, "ఏవమ్మా, పుస్తకం బాగుచెయ్యమంటే ఆపరేషన్ చేసి పేగులు తీశావా?" అన్నాడు. చెక్క వైపు వంగాడు. ఆ తర్వాత హాస్యం మాట్లాడలేదు.

"ఇది జర్మనీ ఫారం. ఆర్యుణ్ణని రుజువు చేసుకునేది. యుద్ధం అయ్యాక అక్కడెవరో బైండరు ఈ పుస్తకానికి మళ్ళీ అట్ట వేస్తూ, మిగిలిపోయిన కాగితాన్ని వాడేసినట్టున్నాడు."

"రుజువా? ఏం కొలిచేవాళ్ళు? తలా?"

"కొందరు కొలిచేవాళ్ళు ఉండేవాళ్ళు. కానీ ఇక్కడ తల గడి లేదు చూడు. ముక్కు గడి లేదు. ఇక్కడున్నవి నాన్న, అమ్మ. తర్వాత నాన్నవైపు తాత, నాయనమ్మ, అమ్మవైపు తాత, అమ్మమ్మ. ఒక్కొక్కరికీ పుట్టిన తేదీ, ఊరు, మతం."

"మతమెందుకు? రక్తం గదా?"

"రక్తం చూసే పద్ధతి వాళ్ళ దగ్గర లేదు గనక. 1933లో చట్టం తెచ్చారు. ఆర్యులు కానివాళ్ళను ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆర్యుడు కానివాడంటే ఎవరు అని అడిగితే, నలుగురు తాతనాయనమ్మల్లో ఒక్కరు యూదు మతం వాళ్ళైనా చాలన్నారు. ఆ మతం ఎక్కడ తెలుస్తుంది? చర్చి రిజిస్టర్లలో, ఆఫీసు రిజిస్టర్లలో. జనం క్యూలు కట్టి నకళ్ళు తెచ్చుకున్నారు. ఆ రుజువు లేనివాళ్ళకు ముందు ఉద్యోగం పోయింది, తర్వాత పెళ్ళి, తర్వాత ఇల్లు, తర్వాత ప్రాణం."

జిగురమ్మ మొదటి ముద్రణను ఆయన ముందుకు జరిపింది. "భాషలకు పెట్టిన పేరు సార్ ఇది. మొదటి పుస్తకంలో ఉంది. నేను చదివాను."

"ఇంకోటి వింటావా? ఐరోపాలో రోమా జనం ఉన్నారు, ఊరూరా తిరిగేవాళ్ళు. వాళ్ళ భాష నిజంగానే ఆర్య శాఖది. సంస్కృతానికి దగ్గర చుట్టం. వాళ్ళను లక్షల్లో చంపారు."

సారు ఫారం పట్టీ ఒకదాన్ని చెక్క మీద సరిగ్గా సర్దాడు. ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "చెప్పినవాళ్ళు లేరని కాదు. ఆ మాటను జాతికి అంటగట్టడంలో తన చెయ్యి కూడా ఉన్న ఒక పెద్ద భాషా పండితుడే, ముసలితనంలో, ఆర్య రక్తమనీ ఆర్య జుట్టనీ అనడం పొడుగు తల నిఘంటువు అన్నట్టుంటుందని మొత్తుకున్నాడు. వలసవచ్చిన వాళ్ళ పిల్లల తలలు కొలిచి, ఆ నిష్పత్తి ఒక్క తరంలోనే మారుతోందని చూపించినవాళ్ళున్నారు. విన్నదెవరు? మాట అప్పటికే ఆఫీసుల్లోకి నడిచిపోయింది."

ఆయన ఒక్కొక్క గడి కింద అర్థం పెన్సిలుతో రాసిచ్చి వెళ్ళాడు. జిగురమ్మ తండ్రి వంశవృక్షం పేజీ తీసి పక్కన పెట్టుకుంది. తాతలు, నాయనమ్మలు, గీతలు, తేదీలు. ఒక చుక్క. తన చేత్తో కుట్టడానికి ఒప్పుకున్న పేజీ.

చెక్కతో సహా తండ్రి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. ఫారం చూడగానే ఆయనలోని పాత గుమాస్తా లేచాడు.

"ఎవరు గీశారో గానీ పనిమంతుడమ్మా. ఒక్క గీత వృథా లేదు. వరుస సంఖ్య ఇక్కడ, సంతకం ఇక్కడ, ముద్ర ఇక్కడ. మా ఆఫీసులో ఇలాంటి ఫారం కోసం ఇరవై ఏళ్ళు అడిగాను."

"కింద రాసిన అర్థం చదువు నాన్నా."

ఆయన చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఆమె చెప్పవలసింది చెప్పింది. ఏదీ దాచలేదు. చుక్క సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆయన అడిగిన ప్రశ్న ఆమె ఊహించింది కాదు. "ఆ నకళ్ళు ఇచ్చిన గుమాస్తాకు తెలుసా, అవి ఎందుకడుగుతున్నారో?"

"కొందరికి తెలిసే ఉంటుంది."

"నేనైతే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "గడి ఉంటే నింపుతాం. ఎందుకని అడగం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు."

ముందు గదిలోకి వెళ్ళి అద్దం కట్టిన కార్డు దింపాడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ కొలిచినవాళ్ళు మా నాన్నను చొక్కా విప్పించి వరుసలో నిలబెట్టారట. ఇనుప కాళ్ళు తలకు నొక్కుతుంటే పశువుల సంతలో నిలబడ్డట్టుందట. ఇంటికొచ్చి ఏడ్చాడట. మా అమ్మ చెప్పింది. చాలా ఏళ్ళకు ఎవరో చదువుకున్నాయన ఈ మాటకు అర్థం గొప్పదని చెప్పాడు. అప్పుడు అద్దం కట్టించాడు. నేను పుస్తకంలో అద్దం సంగతి రాశాను. ఏడుపు సంగతి రాయలేదు."

జిగురమ్మ ఆయన ఒళ్ళో కార్డు వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ గోడ మీద చూస్తున్నది తాత గర్వం కాదు, తాత అవమానం.

"పుస్తకాలు కుట్టేశావా?"

"కుట్టేశాను. అట్టలే మిగిలాయి. కానీ పేజీ మార్చొచ్చు నాన్నా. లోపలి అంచు దగ్గర వేలెడు వెడల్పు వదిలి పాత పేజీ కోసేస్తాను. ఆ తోకకు కొత్త పేజీ అంటిస్తాను."

"తోక కనబడుతుందా?"

"కనబడుతుంది. కనబడకుండా చెయ్యాలంటే మొత్తం విప్పాలి."

ఆయన ఆలోచించాడు. "విప్పొద్దు. ఊడబీకి చెప్పకుండా ఊరుకున్నారని ఆ పుస్తకం మీద నువ్వే గదా కోప్పడ్డావు. తోక ఉండనీ. రెండు పేజీలు రాసిస్తాను, మొదటిదీ ఆఖరిదీ."

కొత్త పేజీలు మళ్ళీ ప్రెస్సులో అచ్చయి వచ్చాయి. నలభై ప్రతులు, ఎనభై కోతలు. పుట్టినరోజుకు ముందురోజు మధ్యాహ్నానికి అయ్యాయి. మొదటి పేజీలో కార్డు బొమ్మకు బదులు చొక్కా విప్పించిన రోజు కథ. ఆఖరి పేజీలో పేర్లు, తేదీలు. ఎవరి పక్కనా ఏ గుర్తూ లేదు.

పుట్టినరోజున మనవరాలు ముత్తాత పక్కన చేరి తన పేరు వెతుక్కుంది. దొరికింది. వేలితో రుద్దుకుంది. తర్వాత దాని వేలు లోపలి అంచు దగ్గరికి పోయింది. ఎంతైనా బైండరు మనవరాలు.

"తాతయ్యా, ఇక్కడ పేజీ కోసేశారు. ముందు ఏముండేది?"

జిగురమ్మ చేతిలో పళ్ళెం చేతిలోనే ఆగిపోయింది. ఎదురుగా కూతురు తల ఎత్తి చూసింది. ముసలాయన పుస్తకం మూయలేదు. పిల్ల వేలి పక్కనే ఆ కాగితం తోక మీద తన వేలు ఆనించాడు. ఆ వేలు తియ్యలేదు.